‘ఆ’ ఎక్కడ చేరితే జవాబు అక్కడ: తెలుగులో ప్రశ్న అడగడం, బదులు చెప్పడం

పెద్దయ్యాక తెలుగు నేర్చుకుంటున్న ఒకాయనకు కొన్నాళ్ళు పాఠాలు చెప్పాను. ఒకరోజు ఆయన గదిలోకి వచ్చాక, “తలుపు వేశారా?” అని అడిగాను. “కాదు” అన్నారు. ఆయన చెప్పదలచుకున్నది నాకు అర్థమైంది. కానీ తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళెవరూ అక్కడ “కాదు” అనరు, “లేదు” అంటారు. “రెండూ వద్దనే మాటలే కదా, తేడా ఏమిటి?” అని ఆయన అడిగితే వెంటనే చెప్పలేకపోయాను. పుట్టినప్పటి నుంచీ తప్పులేకుండా వాడుతున్న మాటే, కారణం మాత్రం నోటికి రాలేదు.

ఆ రాత్రి కాగితం మీద ప్రశ్నలు, వాటి పక్కన జవాబులు రాసుకుంటూ పోతే విషయం తేలింది. తెలుగులో ప్రశ్న ఎప్పుడూ వాక్యంలోని ఏదో ఒక మాట మీద నిలబడుతుంది. జవాబు ఆ మాటనే పట్టుకుంటుంది. ప్రశ్న ఏ మాట మీద ఉందో కనిపెడితే “అవును” అనాలా, క్రియను తిరిగి చెప్పాలా, “కాదు” అనాలా, “లేదు” అనాలా అన్నది దానంతట అదే తెలుస్తుంది. తెలుగు నేర్పేవారికి, నేర్చుకునేవారికి, ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి పనికొచ్చేలా ఆ దారినే అడుగడుగునా ఇక్కడ రాస్తున్నాను.

మొదటి అడుగు: ‘ఆ’ను అతికించడం

అవునా కాదా అని తేల్చుకునే ప్రశ్నకు తెలుగులో మాటల వరుస మార్చనక్కరలేదు. మామూలు వాక్యం చివర ‘ఆ’ చేరిస్తే చాలు. “వాళ్ళు వచ్చారు” అన్నది “వాళ్ళు వచ్చారా?” అవుతుంది. తమిళం, కన్నడం కూడా ఇదే పని ‘ఆ’తోనే చేస్తాయి. మలయాళం మాత్రం ‘ఓ’ వాడుతుంది.

అతికేటప్పుడు జరిగే మార్పులు కొన్నే. చివర ఉకారం ఉంటే అది పోతుంది: వస్తావు, వస్తావా, ఇప్పుడు, ఇప్పుడా, నాకు, నాకా. క్రియల చివరి ఇకారం కూడా అలాగే పోతుంది: వస్తుంది, వస్తుందా. చివర సున్న ఉంటే అది ‘మ’గా మారుతుంది: పుస్తకం, పుస్తకమా. ‘తో’, ‘లో’ వంటి వాటి తర్వాత మధ్యలో ‘న’ వస్తుంది: రవితోనా, ఇంట్లోనా. ‘నిన్న’ కూడా ‘నిన్ననా’ అవుతుంది.

చిక్కు వచ్చేది అకారంతో ముగిసే పేర్ల దగ్గర. సీత అన్న పేరుకు ‘ఆ’ చేరిస్తే ‘సీతా’ అవుతుంది. అది పిలుపు కూడా. “వచ్చింది సీతా” అని రాస్తే, వచ్చినది సీతేనా అని అడుగుతున్నారా, ఏదో వచ్చిందని సీతకు చెబుతున్నారా అన్నది తేలదు. మాట్లాడేటప్పుడు గొంతు తేడా చూపిస్తుంది, కాగితం చూపించదు. అందుకే రాసేటప్పుడు మధ్యలో ‘ఏ’ చేర్చి “వచ్చింది సీతేనా?” అనడం మేలు. ‘ఇక్కడా’ సంగతీ అంతే. దానికి ‘ఇక్కడ కూడా’ అనే అర్థం ముందే ఉంది కాబట్టి ప్రశ్నలో ‘ఇక్కడేనా’ అంటేనే స్పష్టం.

రెండో అడుగు: ‘ఆ’ను కావలసిన మాట దగ్గరకు జరపడం

అసలు సంగతంతా ఇక్కడుంది. ఒక్క వాక్యం తీసుకుందాం:

రవి నిన్న లతకు పుస్తకం ఇచ్చాడు.

దీన్ని చివర ‘ఆ’తో ప్రశ్నగా మారిస్తే “రవి నిన్న లతకు పుస్తకం ఇచ్చాడా?” అవుతుంది. అడిగేవారికి తెలియనిది ఒకటే: ఇవ్వడం జరిగిందా, జరగలేదా? కాబట్టి జవాబు క్రియతోనే వస్తుంది. జరిగి ఉంటే “ఇచ్చాడు”, జరగకపోతే “ఇవ్వలేదు” లేదా పొట్టిగా “లేదు”. “అవును” అన్నా తప్పు కాదు. కానీ క్రియను తిరిగి చెప్పడమే తెలుగులో ఎక్కువ సహజం. “వచ్చారా?” అంటే “వచ్చారు”, “విన్నావా?” అంటే “విన్నాను”. ప్రతిదానికీ “అవును” అని బదులిచ్చే తెలుగు వింటే, అది పుస్తకంలో నేర్చుకున్నదని ఇట్టే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఇవ్వడం జరిగిందని అడిగేవారికి తెలుసు, వివరాల్లో ఒకదాని మీదే అనుమానం ఉంది అనుకోండి. అప్పుడు ‘ఆ’ క్రియను వదిలి ఆ వివరం మీదికి వెళ్తుంది. దానితోపాటే క్రియ ‘ఇచ్చాడు’ రూపం వదిలి ‘ఇచ్చింది’ అవుతుంది.

రవి లతకు పుస్తకం ఇచ్చింది నిన్ననా? – అవును, నిన్ననే. / కాదు, మొన్న.

నిన్న రవి పుస్తకం ఇచ్చింది లతకా? – అవును, లతకే. / కాదు, గీతకు.

నిన్న రవి లతకు ఇచ్చింది పుస్తకమా? – అవును, పుస్తకమే. / కాదు, పెన్ను.

నిన్న లతకు పుస్తకం ఇచ్చింది రవేనా? – అవును, రవే. / కాదు, వాళ్ళ అన్న.

ఈ నాలుగింటిలో ఎక్కడా “లేదు” రాలేదని గమనించండి. “లేదు” అంటే ఇవ్వడమే జరగలేదని. “కాదు” అంటే ఇవ్వడం జరిగింది కానీ మీరనుకున్న మనిషి, రోజు, వస్తువు తప్పు అని. “తలుపు వేశారా?” అన్న నా ప్రశ్న క్రియ మీద నిలబడింది కాబట్టి దానికి బదులు “లేదు”. “మీరు వేసింది ఈ తలుపేనా?” అని అడిగి ఉంటే ఆయన “కాదు” సరిగ్గా సరిపోయేది. మరునాడు ఈ రెండు ప్రశ్నలూ పక్కపక్కన అడిగితే, ఆయనకు ఇంకో మాట చెప్పాల్సిన పని లేకపోయింది.

ఈ ‘ఇచ్చింది’ ఏ మనిషికైనా మారదు. నువ్వు ఇచ్చింది, నేను ఇచ్చింది, వాళ్ళు ఇచ్చింది, అన్నీ ఒకటే. ఇంకా జరగని పనికి ‘ఇచ్చేది’ అనీ, జరుగుతున్నదానికి ‘ఇస్తున్నది’ అనీ వస్తుంది: “మీరు వచ్చేది రేపా?”, “నువ్వు చదువుతున్నది ఇదేనా?” ఉదాహరణలో నేను రవిని కర్తగా తీసుకోవడానికి కారణం ఉంది. లత ఇచ్చి ఉంటే మామూలు వాక్యంలోనూ ‘ఇచ్చింది’ అనే ఉంటుంది, క్రియలో వచ్చిన మార్పు కంటికి కనిపించదు. నేర్పేటప్పుడు మగవారి పేరుతోనో బహువచనంతోనో మొదలుపెడితే మార్పు తేటగా కనబడుతుంది.

తరచుగా కనిపించే పొరపాటు ఒకటుంది. ‘ఆ’ను వివరం మీదికి జరిపి, క్రియను పాత రూపంలోనే వదిలేస్తారు: “రవి లతకా పుస్తకం ఇచ్చాడు?” మాటల్లో ఆశ్చర్యంతో అలా అనడం వినిపిస్తుంది. రాతలో మాత్రం “రవి పుస్తకం ఇచ్చింది లతకా?” అన్నదే నిలకడగా ఉంటుంది.

మూడో అడుగు: కాదనే మాటను ఎంచుకోవడం

క్రియ మీద ప్రశ్న వచ్చినప్పుడు ప్రతిసారీ “లేదు” సరిపోదు. జరిగిపోయిన పనికీ, జరుగుతున్న పనికీ సరిపోతుంది: “వెళ్ళాడా?” అంటే “లేదు, వెళ్ళలేదు”, “చదువుతున్నావా?” అంటే “లేదు, చదవడం లేదు”. ముందు జరగబోయేదానికి మాత్రం క్రియకు సొంత వ్యతిరేక రూపం ఉంటుంది: “వస్తావా?” అంటే “రాను”, “వాళ్ళు ఇస్తారా?” అంటే “ఇవ్వరు”. అక్కడ “లేదు” ఒక్కటే అని ఊరుకుంటే జవాబు సగంలో ఆగినట్టుంటుంది.

మరికొన్ని మాటలకు వాటి జంటలు విడిగా ఉన్నాయి. “తెలుసా?” అంటే “తెలియదు”. “కావాలా?” అంటే “వద్దు” లేదా “అక్కరలేదు”. “రావచ్చా?” అంటే అనుమతి లేనప్పుడు “రాకూడదు”. “ఇష్టమా?” మాత్రం చూడటానికి “పుస్తకమా?” లాగే ఉంటుంది కానీ “కాదు” అనం, “ఇష్టం లేదు” అంటాం. ఇష్టం ఉండటం, లేకపోవడం గురించి అడుగుతున్నాం కాబట్టి. ఇవి వినగా వినగా పట్టుబడేవే, సూత్రంతో లాగనక్కరలేదు.

కాస్త ఆగి చూడవలసింది ‘లేదు’, ‘లేడు’ల దగ్గర. “రవి ఉన్నాడా?” అని అడిగితే జవాబు “లేడు”. ఇక్కడ మాట మనిషిని బట్టి మారుతుంది: నేను లేను, నువ్వు లేవు, వాళ్ళు లేరు. “రవి వచ్చాడా?” అని అడిగితే మాత్రం “రాలేదు”. నేనైనా, నువ్వైనా, వాళ్ళైనా అదే ‘రాలేదు’. ఇప్పుడు ఈ రెండో దానికి మొదటి దాని పద్ధతి అంటగట్టి “రవి రాలేడు” అన్నామంటే అర్థమే మారిపోతుంది. ‘రాలేడు’ అంటే వచ్చే శక్తి గానీ వీలు గానీ లేదని. ఒక్క అక్షరం తేడాతో “ఇంకా రాలేదు” అన్నది “ఇక రావడం కుదరదు” అయిపోతుంది. ప్రశ్నలోనూ అంతే: “రవి రాలేదా?” అన్నది వచ్చాడో లేదో కనుక్కోవడం, “రవి రాలేడా?” అన్నది అతనికి వీలవుతుందో లేదో కనుక్కోవడం. నేర్చుకునేవాళ్ళు ఈ రెండూ కలిపేస్తున్నారా అని చూడాలంటే “వాళ్ళు వచ్చారా?” అని అడిగి వ్యతిరేకంగా బదులు చెప్పమనండి. “రాలేరు” అన్నారంటే దిద్దాల్సిన చోటు దొరికినట్టే.

నాలుగో అడుగు: వ్యతిరేక ప్రశ్నకు బదులు

“రవి రాలేదా?” అని అడిగినప్పుడు “అవును” అంటే ఏమిటి? తెలుగు పద్ధతిలో “అవును” అంటే నువ్వు అన్నమాట నిజమే అని. అడిగినవారు అన్నది ‘రాలేదు’ కాబట్టి, “అవును” అంటే రాలేదని. ఇంగ్లీషులో ఆ చోట అవుననే మాటకు వచ్చాడని అర్థం. రెండు భాషలూ రోజంతా కలిపి వాడేవాళ్ళు ఎక్కువైనందువల్ల ఒంటరి “అవును”ను ఎటైనా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది.

విరుగుడు తేలికే. వ్యతిరేక ప్రశ్నకు ఎప్పుడూ క్రియతో బదులివ్వండి: “లేదు, రాలేదు” లేదా “వచ్చాడు”. “అవును, రాలేదు” అన్నా తప్పు లేదు, ఎందుకంటే క్రియ తోడుంది. “అవును / కాదు” గడుల్లో గుర్తు పెట్టించే పత్రం తయారుచేసేవారు మాత్రం వ్యతిరేక ప్రశ్నను పూర్తిగా మానుకోవాలి. “మీకు గతంలో ఈ మందు పడలేదా?” అని రాసి పక్కన ‘అవును’, ‘కాదు’ గడులు గీస్తే, నింపినవారి మనసులో ఏముందో తర్వాత ఎవరూ చెప్పలేరు. “ఈ మందు మీకు పడుతుందా?” అని అడిగి, గడుల్లో “పడుతుంది”, “పడదు” అని రాయండి. గడుల్లో కూడా ప్రశ్నలోని క్రియే ఉండాలి.

‘కదా’ చేరిన ప్రశ్న వేరు. “రవి వచ్చాడు కదా?” అంటే అడిగేవారు వచ్చాడనే నమ్ముతున్నారు, మీ నోటితో ఒకసారి వినాలనుకుంటున్నారు. ఇక్కడ “అవును” చాలా సహజం. ఆ నమ్మకం తప్పైతే “లేదు, రాలేదు” అనాలి. కొత్త సంగతి తెలుసుకోవడానికి ‘కదా’ వాడితే జవాబును ముందే నోట్లో పెట్టినట్టవుతుంది, కాబట్టి విచారణల్లో, సర్వేల్లో దాన్ని దూరం పెట్టాలి.

ఐదో అడుగు: ఎ-మాటలతో అడగడం

వివరం కావాలంటే ‘ఆ’ పనికిరాదు, ప్రశ్నపదం కావాలి. తెలుగులో అవన్నీ ఎ, ఏలతోనే మొదలవుతాయి. అంతకన్నా మేలైన సంగతి, చాలావాటికి అ, ఇలతో తోబుట్టువులు ఉన్నాయి: అక్కడ, ఇక్కడ, ఎక్కడ, అప్పుడు, ఇప్పుడు, ఎప్పుడు, అంత, ఇంత, ఎంత, అటు, ఇటు, ఎటు, అలా, ఇలా, ఎలా. ఒక వరుస నేర్పితే ప్రశ్న, జవాబు రెండూ ఒకేసారి వచ్చేస్తాయి.

ప్రశ్నపదాన్ని వాక్యం మొదటికి లాగనక్కరలేదు. జవాబు ఎక్కడ కూర్చుంటుందో ప్రశ్నపదమూ అక్కడే కూర్చుంటుంది. మన వాక్యంలో ‘లతకు’ ఉన్న చోట ‘ఎవరికి’ పెడితే “రవి నిన్న ఎవరికి పుస్తకం ఇచ్చాడు?” అవుతుంది. జవాబు చెప్పేటప్పుడు ఆ ‘కి’ని వదలకూడదు. “ఎవరికి?” అంటే “లతకు”, “ఎవరితో?” అంటే “లతతో”, “ఎక్కడి నుంచి?” అంటే “బడి నుంచి”. విభక్తి లేకుండా “లత” అని ఊరుకుంటే, ఇచ్చినది లతా, పుచ్చుకున్నది లతా అన్న కొత్త ప్రశ్న పుడుతుంది.

జవాబు రూపాన్ని ప్రశ్నపదమే చెబుతుందనడానికి లెక్కలు మంచి ఉదాహరణ. వస్తువులకు “ఎన్ని?”, మనుషులకు “ఎంతమంది?”, కొలిచేవాటికి “ఎంత?”. “ఎన్ని పుస్తకాలు?” అంటే “మూడు”. “ఎంతమంది వచ్చారు?” అంటే “ముగ్గురు”. ఇక్కడ “మూడు” అంటే చెవికి గుచ్చుకుంటుంది.

అయితే ఒకచోట ప్రశ్నలోని రూపాన్ని అలాగే ఎత్తి జవాబులో పెట్టకూడదు. ‘ఎవరు’ ఎప్పుడూ బహువచన క్రియతోనే వస్తుంది: “ఎవరు వచ్చారు?” వచ్చింది ఒక్క రవే అయినా అడిగేవారికి ఆ సంగతి తెలియదు కదా. జవాబులో క్రియ ఆ మనిషిని బట్టి సర్దుకుంటుంది: “రవి వచ్చాడు”, “లత వచ్చింది”, “మాస్టారు వచ్చారు”.

‘ఏది’, ‘ఏమిటి’ కూడా కలిసిపోతుంటాయి. ఎదురుగా ఉన్నవాటిలో ఒకదాన్ని చూపించమంటే ‘ఏది’, దాని స్వరూపం చెప్పమంటే ‘ఏమిటి’. “నా పుస్తకం ఏది?” అంటే జవాబు “ఇదిగో”. “ఈ పుస్తకం పేరేమిటి?” అంటే పేరు చెప్పాలి. హాజరు పట్టీ చేతికిచ్చి “ఇందులో నీ పేరు ఏది?” అంటే వేలితో చూపిస్తాం.

‘ఎందుకు’ ఒక్క మాటే అయినా రెండు రకాల జవాబులు అడుగుతుంది. “ఎందుకు వెళ్ళావు?” అంటే కోరి వెళ్ళిన పని చెప్పవచ్చు: “పుస్తకం తీసుకోవడానికి”. వెనకున్న కారణం చెప్పవచ్చు: “పిలిచారు కాబట్టి”. మొదట్లో ‘ఎందుకంటే’ పెట్టి చివర్లో ‘కాబట్టి’ కూడా పెట్టడం ఈమధ్య రాతల్లో బాగా కనిపిస్తోంది. ఒకటి చాలు. “ఎందుకంటే పిలిచారు” అనండి, లేదా “పిలిచారు కాబట్టి” అనండి.

ఆరో అడుగు: మనిషిని మార్చడం, ‘రానా?’ సంగతి

“మీరు చూశారా?” అంటే జవాబు “చూశాను”. అడిగినది ఒకరినైతే ‘చూశాను’, బృందాన్నైతే ‘చూశాం’. గౌరవం ప్రశ్నలో ఉంటుంది, జవాబులో మన గురించి మనం ‘చూశారు’ అనుకోం. పిల్లలు ప్రశ్నలోని రూపాన్నే అప్పజెప్పడం సహజం, కొన్నాళ్ళకు అదే సర్దుకుంటుంది.

“నేను రానా?” దగ్గర మాత్రం కాసేపు నిలబడాలి. రూపం చూస్తే ‘రాను’కు ‘ఆ’ చేరింది, అంటే వ్యతిరేక ప్రశ్న. వాడుకలో మాత్రం అది చాలాసార్లు అనుమతి అడగడం: రమ్మంటారా అని. “చెప్పనా?”, “వెళ్ళనా?” కూడా అలాంటివే. వీటికి “అవును” అనం. ఆజ్ఞతో బదులిస్తాం: “రండి”, “చెప్పు”, “వెళ్ళు”. అక్కరలేకపోతే “వద్దు”. “మనం వెళదామా?” అంటే “వెళదాం” లేదా “వద్దు”. ఇలా ‘ఆ’ చేరిన ప్రశ్నకు కొన్నిచోట్ల బదులు సమాచారం కాదు, ఒక నిర్ణయం.

చివరిగా: ‘ఆ’, ఎ-మాట ఒకే వాక్యంలో

“ఎప్పుడు వస్తావా?” అని అడగకూడదని మొదటి పాఠంలోనే చెబుతాం. సూటి ప్రశ్నలో అది నిజం, ఉంటే ఎ-మాట ఉండాలి, లేకపోతే ‘ఆ’ ఉండాలి. కానీ రెండుచోట్ల ఈ జంట హాయిగా కలిసి ఉంటుంది. ఎదుటివారి ప్రశ్నను మనమే ఒకసారి తిరిగి అనుకునేటప్పుడు: “ఎప్పుడు వచ్చావు?” “ఎప్పుడు వచ్చానా? ఇప్పుడే.” మనసులో ఆత్రుత చెప్పేటప్పుడు: “ఎప్పుడు వస్తాడా అని చూస్తున్నాను.” వీటిని తప్పులని దిద్దకండి.

ప్రశ్న మరో వాక్యంలో ఒదిగినప్పుడు ఎ-మాట ఉంటే క్రియకు ‘ఓ’ చేరుతుంది: “ఎవరు వచ్చారో చెప్పు”. అవునా కాదా అన్న ప్రశ్నైతే రెండు వైపులా ‘ఓ’ వస్తుంది: “వచ్చాడో లేదో తెలియదు”. ‘అని’తో ఎత్తిచెబితే మాత్రం ‘ఆ’ చెక్కుచెదరదు: “వచ్చాడా అని అడిగారు”. ఈ మూడు వాక్యాల్లోనూ బయటి వాక్యం ప్రశ్న కాదు. ఒకటి ఆజ్ఞ, మిగతావి కబుర్లు. వాటి చివర చుక్క పెట్టాలి, ప్రశ్నార్థకం కాదు. “ఎవరు వచ్చారో తెలుసా?” అన్నదానికి ప్రశ్నార్థకం ఎందుకు వచ్చిందంటే ‘తెలుసు’కు ‘ఆ’ చేరింది కాబట్టి. దానికి సరైన జవాబు కూడా “తెలుసు” లేదా “తెలియదు”. అడిగినవారి మనసు ఎరిగి “తెలుసు, రవి” అంటాం.